వాటా సొమ్ము వెనక్కి రావాలంటే

ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో సభ్యత్వం మానేసినవాళ్లు సాధారణంగా రెండు వాక్యాల ఉత్తరం రాస్తారు. ‘నేను రిటైరయ్యాను, నా డబ్బు ఇప్పించగలరు’ అని. అది చాలదు. సంఘంలో మన సొమ్ము రెండు పద్దుల్లో ఉంటుంది. నెలనెలా జీతంలోంచి కోసేది పొదుపు, సభ్యుడిగా చేరడానికి కట్టింది వాటా ధనం. పొదుపు మనం దాచుకున్నది, దానికి వడ్డీ ఉంటుంది. వాటా మాత్రం సంఘం మూలధనం. సభ్యత్వం రద్దయ్యేదాకా అది కదలదు. అందుకే ఉత్తరంలో మొదటి కోరిక రాజీనామా ఆమోదించమని, రెండోది లెక్క తేల్చి సొమ్ము ఇమ్మని ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రిటైరైన గుమస్తాకు వాటా 10,000, పొదుపు 64,000 ఉన్నాయనుకోండి. తీసుకున్న అప్పులో వడ్డీతో కలిపి ఇంకా 21,500 బాకీ ఉంది. సభ్యుడి బాకీని అతని వాటా, పొదుపుల నుంచి మినహాయించుకునే హక్కు సంఘానికి ఉంది కాబట్టి చేతికి రావాల్సింది 52,500. ‘నా బాకీ సర్దుబాటు చేసుకోవచ్చు’ అని ఉత్తరంలోనే రాసిస్తే ఒక మెలిక తప్పుతుంది.

అసలు చిక్కు జామీను దగ్గర వస్తుంది. ఆ గుమస్తా పాత సహోద్యోగి అప్పుకు హామీ సంతకం పెట్టి ఉంటే, ఆ అప్పు తీరేదాకా, లేదా మరో సభ్యుడు హామీకి ముందుకొచ్చేదాకా, సంఘం ఆ 52,500 ఆపి ఉంచవచ్చు. స్నేహం కొద్దీ ఎప్పుడో పెట్టిన సంతకం చాలామందికి గుర్తే ఉండదు. కాబట్టి ఉత్తరం రాయకముందే కార్యదర్శిని అడిగి తన హామీల జాబితా రాయించుకోవాలి.

ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

‘అధ్యక్షులవారికి, నమస్కారములు. నా సభ్యత్వ సంఖ్య ఫలానా. ఫలానా తేదీన పదవీ విరమణ పొందినందున నా రాజీనామా ఆమోదించవలసిందిగా కోరుతున్నాను. నా అప్పు బాకీని మినహాయించి, మిగిలిన వాటా ధనం, పొదుపు, రావలసిన వడ్డీ, డివిడెండు నా బ్యాంకు ఖాతాకు జమ చేయగలరు. నేను హామీ ఉన్న అప్పుకు బదులు హామీదారు అంగీకార పత్రం జతచేశాను. వాటా పత్రం, పాస్‌బుక్కు కూడా జతపరిచాను.’

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. రాజీనామాను ఆమోదించేది పాలకవర్గం, కార్యదర్శి కాదు. తీర్మానం కాపీ కూడా అడగాలి. వాటాకు సాధారణంగా ముఖవిలువే ఇస్తారు, సంఘం ఎంత లాభాల్లో ఉన్నా సరే. ఒక ఏడాదిలో ఎంత వాటా ధనం తిరిగి ఇవ్వొచ్చో బైలాస్‌లో పరిమితి ఉంటే వరుస కోసం ఆగాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఏ నిబంధన కింద ఆపారో లిఖితపూర్వకంగా తీసుకోండి. కారణం చెప్పకుండా నాన్చితే, 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద నడిచే సంఘాల విషయంలో 61వ సెక్షన్ కింద రిజిస్ట్రారు ముందు వివాదం దాఖలు చేయవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ ముద్ర పడిన కాపీనే.