మూత్రవర్ధక ఔషధాలు: పొటాషియం, బరువు, రక్తపోటు పరిశీలనలో నర్సింగ్ దృష్టి

వ్యాససంగ్రహం: లూప్, థయజైడ్, పొటాషియం సంరక్షక ఔషధాలు మూడూ మూత్రవర్ధకాలే అయినా మూత్రనాళికలో అవి పనిచేసే చోట్లు వేరు. ఆ చోటును బట్టే రక్తంలోని పొటాషియం తగ్గడమో పెరగడమో జరుగుతుంది. పొటాషియం, రోజువారీ బరువు, రక్తపోటు అనే మూడు కొలతలను నర్సు ఏ మందుకు ఏ విధంగా అన్వయించుకోవాలో ఒక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: మూత్రవర్ధకాలు, ఫ్యూరోసెమైడ్, స్పైరోనోలాక్టోన్, పొటాషియం, హృదయ వైఫల్యం, నర్సింగ్ పరిశీలన.

1. ప్రవేశిక

హృదయ వైఫల్యంతో బాధపడుతున్న రోగులపై స్పైరోనోలాక్టోన్ ప్రభావాన్ని పరీక్షించిన రేల్స్ అధ్యయనం 1999లో వెలువడింది. ఆ మందు మరణాలను సుమారు 30 శాతం తగ్గించిందని అది నిరూపించింది. దాంతో స్పైరోనోలాక్టోన్ వాడకం వేగంగా పెరిగింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగిన పరిశీలన 2004లో దీనికి మరో పార్శ్వాన్ని చూపింది. అక్కడి వృద్ధ హృద్రోగులలో రక్తంలో పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు 1994లో వెయ్యికి 2.4 మంది కాగా, 2001 నాటికి 11 మంది అయ్యారు. మందు మారలేదు. రేల్స్ అధ్యయనంలో క్రియాటినిన్ 2.5 మిల్లీగ్రాములకు, పొటాషియం 5 మిల్లీ ఈక్వివలెంట్లకు మించినవారిని చేర్చుకోలేదు. చేరినవారికి క్రమం తప్పక రక్తపరీక్షలు చేశారు. నిత్య వైద్యంలో ఆ జాగ్రత్త అంతగా కొనసాగలేదు. ప్రయోజనానికీ ప్రమాదానికీ నడుమ నిలిచేది పరిశీలనే అని ఈ అనుభవం తెలుపుతున్నది.

2. మూడు వర్గాలు – పనిచేసే స్థానాలు

మూత్రపిండంలో వడపోతకు గురైన సోడియంలో అధికభాగం తిరిగి రక్తంలోకి చేరుతుంది. మూత్రవర్ధకాలు ఈ పునశ్శోషణను అడ్డుకుంటాయి. నాళికలో మిగిలిన సోడియం తనతోపాటు నీటిని బయటకు తీసుకుపోతుంది.

ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్ వంటి లూప్ మూత్రవర్ధకాలు హెన్లీ శిక్యపు మందమైన ఆరోహణ భాగంలో పనిచేస్తాయి. వడపోసిన సోడియంలో దాదాపు నాలుగోవంతు అక్కడే శోషణ చెందుతుంది కాబట్టి వీటి శక్తి అధికం. ఫ్యూరోసెమైడ్‌ను సిరలోకి ఇచ్చినప్పుడు కొద్ది నిమిషాల్లోనూ, నోటి ద్వారా ఇచ్చినప్పుడు గంటలోపూ మూత్రం పెరుగుతుంది.

హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ వంటివి దూరస్థ సంవళిత నాళికలో పనిచేస్తాయి. అక్కడ శోషణ చెందే సోడియం తక్కువ గనుక వీటి ప్రభావం మితమైనది, అయితే దీర్ఘకాలం నిలుస్తుంది. అందుకే అధిక రక్తపోటు చికిత్సలో వీటికి స్థానం ఎక్కువ.

ఈ రెండు వర్గాలలోనూ శోషణ చెందని సోడియం దిగువనున్న సంగ్రహణ నాళానికి అధికంగా చేరుతుంది. ఆ నాళం కొంత సోడియంను లోపలికి తీసుకుంటూ పొటాషియంను మూత్రంలోకి వదులుతుంది. ఈ మార్పిడిని ప్రేరేపించేది ఆల్డోస్టిరోన్ అనే హార్మోను. కాబట్టి లూప్, థయజైడ్ మందులతో పొటాషియం తగ్గుతుంది.

మూడో వర్గం ఆ మార్పిడినే ఆపుతుంది. స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్ ఆల్డోస్టిరోన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. అమిలోరైడ్, ట్రయామ్‌టెరీన్ సోడియం ద్వారాలనే మూసివేస్తాయి. నీటిని తొలగించే శక్తి వీటికి స్వల్పం, కానీ పొటాషియం శరీరంలోనే నిలిచిపోతుంది. స్పైరోనోలాక్టోన్ ప్రభావం పూర్తిగా కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది, మందు ఆపిన తరువాత కూడా కొన్నాళ్లు కొనసాగుతుంది.

3. మూడు కొలతలు – తీసుకునే పద్ధతి

బరువును ప్రతి ఉదయం మూత్రవిసర్జన తరువాత, అల్పాహారానికి ముందు, ఒకే యంత్రంపై, ఇంచుమించు ఒకే రకమైన దుస్తులతో చూడాలి. కొద్దిరోజుల్లో వచ్చిన ఒక కిలో తేడా దాదాపు ఒక లీటరు ద్రవానికి సమానం. సాధారణంగా రోజుకు అర కిలో నుంచి కిలో వరకు తగ్గుదలను ఆశిస్తారు.

రక్తపోటును రోగి ఐదు నిమిషాలు పడుకున్న తరువాత ఒకసారి, నిలబడిన ఒకటవ, మూడవ నిమిషాలలో తిరిగి చూడాలి. పై సంఖ్య 20 గాని, కింది సంఖ్య 10 గాని తగ్గితే రక్తనాళాలలో ద్రవం తగ్గిందేమోనని అనుమానించాలి.

పొటాషియం సాధారణ స్థాయి లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్లు. రక్తం తీసేటప్పుడు పట్టీని బిగించి ఎక్కువసేపు ఉంచినా, పిడికిలి పదేపదే బిగింపజేసినా, నమూనాలో రక్తకణాలు పగిలినా పొటాషియం ఎక్కువగా ఉన్నట్లు తప్పుడు ఫలితం వస్తుంది. అయినప్పటికీ రోగి ఈసీజీ చూడకుండా అధిక ఫలితాన్ని తోసిపుచ్చరాదు.

4. ఉదాహరణ

బోధన కోసం కల్పించిన సందర్భం ఇది. మధుమేహం ఉన్న 64 ఏళ్ల వ్యక్తి హృదయ వైఫల్యంతో కాళ్లవాపు, ఆయాసంతో చేరారు. బరువు 68 కిలోలు, రక్తపోటు 134/82, పొటాషియం 4.2, క్రియాటినిన్ 1.4. అప్పటికే ఎనలాప్రిల్ వాడుతున్నారు. ఫ్యూరోసెమైడ్ 40 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు సిరలోకి ఇచ్చారు.

నాలుగో ఉదయానికి బరువు 64.1 కిలోలు. పడుకున్నప్పుడు రక్తపోటు 116/74, నిలబడినప్పుడు 92/62. పొటాషియం 3.1. మూడు రోజుల్లో 3.9 కిలోలు, అంటే రోజుకు 1.3 కిలోలు తగ్గాయి. ఇక్కడ మూడు కొలతలూ ఒకే మాట చెబుతున్నాయి: ద్రవం అవసరానికి మించిన వేగంతో పోయింది, దానితో పొటాషియం కూడా పోయింది. నర్సు తరువాతి మోతాదు ఇవ్వకముందే వైద్యునికి తెలిపారు, రోగిని ఒంటరిగా లేవనీయలేదు, ఈసీజీ తీయించారు. టి తరంగం చదునుగా ఉంది. ఫ్యూరోసెమైడ్‌ను తగ్గించి మాత్రగా మార్చారు, పొటాషియం క్లోరైడ్ సిరప్ మొదలుపెట్టారు. రెండు రోజుల తరువాత పొటాషియం 3.9కి చేరగా, స్పైరోనోలాక్టోన్ 25 మిల్లీగ్రాములు జోడించి ఇంటికి పంపారు. మందుల చీటీలో సిరప్ అలాగే కొనసాగింది.

ఏడవ రోజున రోగి తిరిగి వచ్చారు. బరువు 64.6, రక్తపోటు 118/74, నిలబడినా 112/72. ఆయాసం లేదు. ఈ రెండు కొలతలు చూసినవారు అంతా సవ్యమనే భావిస్తారు. కానీ పొటాషియం 6.1 వచ్చింది, ఈసీజీలో టి తరంగాలు మొనదేలి ఉన్నాయి. వెంటనే చికిత్స ప్రారంభించి, సిరప్‌ను, స్పైరోనోలాక్టోన్‌ను నిలిపివేశారు.

కారణాలు విచారిస్తే నాలుగు కలిశాయి. స్పైరోనోలాక్టోన్ పొటాషియంను నిలిపింది. ఎనలాప్రిల్ ఆల్డోస్టిరోన్‌ను తగ్గించి అదే పని చేసింది. అవసరం తీరిన సిరప్ ఆగలేదు. రక్తపోటుకు మంచిదని ఇంట్లో వాడుతున్న తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు ఉన్నది పొటాషియం క్లోరైడే. మధుమేహంతో కొంత దెబ్బతిన్న మూత్రపిండం ఈ భారాన్ని విసర్జించలేకపోయింది.

5. అన్వయం

లూప్ మందు ఇస్తున్నప్పుడు బరువు, రక్తపోటు పొటాషియం లోపానికి ముందస్తు సూచనలుగా పనికివస్తాయి. బరువు వేగంగా పడిపోతుంటే పొటాషియం పరీక్షను తొందరపెట్టవచ్చు. థయజైడ్ విషయంలో బరువు తొలి రోజుల తరువాత పెద్దగా మారదు; రక్తపోటు అదుపులోకి వచ్చినా పొటాషియం తగ్గి ఉండవచ్చు. వృద్ధులలో మతిమరుపు, తడబాటు కొత్తగా కనిపిస్తే సోడియం కూడా చూడాలి. పొటాషియం సంరక్షక మందుతో మాత్రం బరువు, రక్తపోటు ఏమీ చెప్పవు. రక్తపరీక్ష ఒక్కటే ఆధారం. అందుచేత స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో, మళ్లీ ఏడవ రోజున పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. తరువాత మొదటి మూడు నెలలు నెలకొకసారి చూడాలి.

ఇంటికి పంపేటప్పుడు నర్సు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. పాత చీటీలోని పొటాషియం సిరప్ ఇంకా తాగుతున్నారా? ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారు? కొబ్బరినీళ్లు రోజూ తాగుతున్నారా? కీళ్లనొప్పులకు దుకాణంలో మాత్రలు కొంటున్నారా? వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మందు కొనసాగించక ఆసుపత్రికి ఫోన్ చేయాలని, మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే తెలపాలని చెప్పాలి.

6. ముగింపు

పై రోగి నాలుగో రోజున తక్కువ పొటాషియంతోనూ, ఇంటికి వెళ్లిన ఏడవ రోజున అధిక పొటాషియంతోనూ ప్రమాదం అంచుకు చేరారు. రెండుసార్లూ ఇచ్చినవి మూత్రవర్ధకాలే. మొదటిసారి బరువుకాటా హెచ్చరించింది, రెండోసారి అది మౌనంగా ఉంది. ఏ మందుకు ఏ కొలత మాట్లాడుతుందో, ఏది మాట్లాడదో తెలిసి ఉండడమే ఈ పరిశీలనలోని కీలకాంశం.