తొంభై మూడు శాతం సరైన అంచనా, అయినా చాలని మజ్జిగ

ఫిబ్రవరి మూడో వారం నుంచి మార్చి చివరి దాకా డెయిరీల్లో అంచనాలు వేసేవాళ్లకు కష్టకాలం. తెల్లవారుజామున చలి ఇంకా పూర్తిగా పోదు, మధ్యాహ్నం ఎండ మాత్రం చుర్రుమంటుంది. జనం మజ్జిగ ప్యాకెట్ల కోసం ఏ వారం నుంచి బూత్‌కు రావడం మొదలుపెడతారో ముందుగా ఎవరికీ తెలియదు. తక్కువ తయారుచేస్తే డీలరు పక్క కంపెనీ ప్యాకెట్లు పెట్టుకుంటాడు. ఎక్కువ తయారుచేస్తే గడువు దాటిన సరుకు పారబోయాల్సి వస్తుంది. ఈ రెండు నష్టాల మధ్య నిలబడి, వచ్చే వారం ఎన్ని ట్రేలు కావాలో ముందే ఒక అంకె చెప్పాల్సిన ఉద్యోగిని కంపెనీల్లో డిమాండ్ ప్లానర్ అంటారు.

ఆయన చెప్పిన అంకె ఎంతవరకు నిజమైందో చూడడానికి ఎక్కువగా వాడే కొలతలు మూడు: మేప్, బయాస్, ట్రాకింగ్ సిగ్నల్. మూడింటికీ మూలం ఒకటే, అంచనాకూ అసలు గిరాకీకీ ఉన్న తేడా. కానీ మూడూ చెప్పే సంగతులు వేరు. చాలాచోట్ల మొదటిదాన్ని ఒక్కదాన్నే చూసి సరిపెట్టుకుంటారు. దానివల్ల ఏం జరుగుతుందో ఒక డిపో లెక్కలో చూద్దాం. లెక్క తేలికగా తెగాలని ఈ అంకెలు నేనే వేసుకున్నాను.

గుంటూరు లాంటి ఊరు, ఎండలు ముదిరే ఆరు వారాలు. మజ్జిగకు ప్లానర్ వేసిన అంచనాలు వరుసగా 420, 380, 470, 450, 470, 540 ట్రేలు. డీలర్ల నుంచి వచ్చిన ఇండెంట్లు 400, 400, 500, 500, 500, 600 ట్రేలు. ఇండెంట్లోంచి అంచనా తీసేస్తే మొదటి వారం 20 ట్రేలు తక్కువ, అంటే మైనస్ 20. తర్వాతి వారాల్లో ప్లస్ 20, 30, 50, 30, 60.

మేప్ లెక్క సులువు. ఏ వారానికి ఆ వారం తేడాను, గుర్తు పట్టించుకోకుండా, ఆ వారం ఇండెంటుతో భాగించి శాతం చేయాలి. మన డిపోలో ఆ శాతాలు 5, 5, 6, 10, 6, 10. మొత్తం 42, ఆరు వారాలకు సగటు 7 శాతం. నెలవారీ సమావేశంలో దీన్నే తిప్పి ‘మన అంచనా 93 శాతం సరైంది’ అని చూపిస్తారు. ఎండాకాలం మొదట్లో ఇంత దగ్గరగా రావడం మంచి పనితనమే, ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు అదే డిపోలో పెరుగు సంగతి చూడండి. పెరుగు ఇండెంటు ఆరు వారాలూ 500 ట్రేలే. అంచనాలు 540, 460, 535, 465, 530, 470. దీని తేడాలను కూడా శాతాలు చేసి సగటు తీస్తే సరిగ్గా 7 శాతమే వస్తుంది. మేప్ దృష్టిలో మజ్జిగా పెరుగూ ఒకటే.

డిపో మేనేజరును అడిగితే మాత్రం ఒకటే అనడు. పెరుగు ఒక వారం 40 ట్రేలు మిగిలితే మరో వారం 40 తగ్గుతుంది. కాస్త అదనపు నిల్వ పెట్టుకుంటే ఆ ఊగిసలాటను తట్టుకోవచ్చు. మజ్జిగ విషయంలో రెండో వారం నుంచి ప్రతివారం డీలరుకు ఇవ్వలేకపోతూనే ఉన్నాం. ఈ ఏకపక్షపు పోకడను మేప్ చూడలేదు, ఎందుకంటే శాతం తీసే ముందే ప్లస్, మైనస్ గుర్తులను అది చెరిపేసింది.

ఆ గుర్తులను చెరపకుండా ఉంచితే వచ్చేదే బయాస్, అంటే అంచనా ఏ వైపుకు మొగ్గుతోందో చెప్పే అంకె. పెరుగు తేడాలన్నీ కలిపితే సున్నా. మజ్జిగ తేడాలు కలిపితే ప్లస్ 170. ఆరు వారాల మొత్తం ఇండెంటు 2,900 ట్రేలు కాబట్టి, దాదాపు 5.9 శాతం తక్కువ వైపుకు మన అంచనా మొగ్గి ఉంది. వారానికి సగటున 28 ట్రేల మజ్జిగ లోటు. అదనపు నిల్వ ఈ లోటును తీర్చదని ప్లానర్ గుర్తుపెట్టుకోవాలి. నిల్వ అనేది అటూ ఇటూ ఊగే తేడాల కోసం. అంచనా ప్రతివారం కిందికే ఉంటే ఆ నిల్వ కూడా కొన్ని వారాల్లో ఊడ్చుకుపోతుంది, మళ్లీ నింపడానికి సందు దొరకదు.

ఒక జాగ్రత్త. కొన్ని కంపెనీల్లో గిరాకీలోంచి అంచనా తీసేస్తారు, కొన్నింట్లో అంచనాలోంచి గిరాకీ తీసేస్తారు. గుర్తు తిరగబడుతుంది. రిపోర్టులో ప్లస్ అంటే కొరతా మిగులా అన్నది ముందు అడిగి తెలుసుకోకపోతే, తగ్గించాల్సిన చోట పెంచే ప్రమాదం ఉంది. రెండోది, బయాస్‌ను కంపెనీ మొత్తానికి కలిపి చూడడం. మజ్జిగలో తగ్గిన 170, నెయ్యిలోనో స్వీట్లలోనో మిగిలిన 170తో కొట్టుకుపోయి మొత్తం సున్నా కనబడుతుంది. నెయ్యి మిగిలితే మజ్జిగ అడిగిన డీలరుకు ఒరిగేదేమీ లేదు. అందుకే సరుకువారీగా, డిపోవారీగా చూడాలి.

ఇక మూడోది. బయాస్ ఉందని తెలిసింది, బాగానే ఉంది. అది యాదృచ్ఛికమా, నిజంగా పద్ధతిలోనే లోపం ఉందా? ఆరు వారాల్లో 170 ట్రేలు పెద్దదా, చిన్నదా? ప్రతివారం వందల ట్రేలు అటూ ఇటూ అయ్యే సరుకైతే 170 లెక్కలోకే రాదు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతిని 1950ల చివర్లో అమెరికాలో రాబర్ట్ జి. బ్రౌన్ ప్రచారంలోకి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళం కోసం లెక్కలు కట్టినవాడు, తర్వాత సరుకు నిల్వల అంచనా పద్ధతులపై 1959లో పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది ఇది: గుర్తులతో కూడిన మొత్తం తేడాను, గుర్తులు తీసేసిన తేడాల సగటుతో భాగించు. అంటే ఈ సరుకుకు మామూలుగా ఉండే ఊగిసలాటతో పోలిస్తే ఒకవైపు పేరుకున్నది ఎన్ని రెట్లు అని చూడడం. అదే ట్రాకింగ్ సిగ్నల్.

మజ్జిగకు గుర్తులు తీసేసి కలిపితే 210, ఆరు వారాలకు సగటు 35. 170ని 35తో భాగిస్తే 4.86. పెరుగుకూ ఆ సగటు 35 ట్రేలే, కానీ పైన ఉన్నది సున్నా కాబట్టి సిగ్నల్ సున్నా. ఎక్కువమంది పెట్టుకునే హద్దు ప్లస్ 4, మైనస్ 4. మజ్జిగ ఆ హద్దు దాటింది.

వారం వారం ఎలా నడిచిందో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మొదటి వారం మైనస్ 1, రెండో వారం సున్నా, తర్వాత 1.3, 2.7, 3.7, చివరికి 4.86. మేప్ ఈ ఆరు వారాల్లో 5 నుంచి 7కి నెమ్మదిగా పెరిగింది, కలవరపెట్టేది ఏమీ కనబడలేదు. సిగ్నల్ మాత్రం మూడో వారం నుంచి ఒకే దిక్కుకు ఎక్కుతూ వచ్చింది. హద్దు దాటేదాకా ఆగడం కంటే ఆ ఎక్కుడును గమనించడమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే ఈ కొలతకు పుట్టుకతోనే ఒక ఆలస్యం ఉంది. తేడాలన్నీ ఒకేవైపు ఉన్నా నాలుగో వారానికి సిగ్నల్ 4కు చేరగలదే తప్ప దాన్ని దాటలేదు. లెక్కలో అంతకు మించి వీలు లేదు. వారం రోజుల్లో పాడయ్యే సరుకుకు అది చాలా ఆలస్యం, అందుకే అలాంటి సరుకుకు హద్దును 3 దగ్గర పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

సిగ్నల్ మోగగానే అంచనా మార్చేయకూడదు, ముందు తేడాల వరుసను చూడాలి. ఒకే వారం జాతరకో పెళ్లిళ్లకో పెద్ద ఇండెంటు వచ్చి, మిగతా వారాల్లో తేడా లేకపోయినా సిగ్నల్ హద్దు దాటుతుంది. అప్పుడు మార్చాల్సింది పద్ధతి కాదు, ఆ ఒక్క వారాన్ని లెక్కలోంచి పక్కన పెట్టాలి. మజ్జిగలో అలా లేదు, ఐదు వారాలు వరుసగా ప్లస్. గడిచిన వారాల సగటు తీసి రాబోయే వారం చెప్పే పద్ధతి, ఎండతో పాటు పెరిగే గిరాకీ వెనకాల పడిపోతోందని దాని అర్థం. గత ఏడాది ఇదే కాలంలో వారానికి ఎంత పెరిగిందో చూసి ఆ పెరుగుదలను అంచనాకు కలపాలి.

సరిచేశాక చాలామంది మరిచేది ఒకటుంది. ఏడో వారం అంచనా గురి తప్పకుండా వచ్చి తేడా సున్నా అయిందనుకోండి. పైన 170 అలాగే ఉంటుంది, కింద సగటు 35 నుంచి 30కి తగ్గుతుంది, సిగ్నల్ 5.67 అవుతుంది. ఎనిమిదో వారమూ సున్నా అయితే దాదాపు 6.5. అంచనా బాగుపడిన కొద్దీ కొలత ఇంకా చెడిందని అరుస్తుంది! పద్ధతి మార్చిన రోజే పాత మొత్తాన్ని చెరిపి లెక్కను సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఈ చిక్కు తప్పించడానికే 1964లో ట్రిగ్ అనే పరిశోధకుడు, పాత తేడాల బరువు క్రమంగా తగ్గిపోయేలా ఇంకో రూపం తయారుచేశాడు. అది మైనస్ 1, ప్లస్ 1 మధ్యే తిరుగుతుంది.

మేప్ పనికిరానిదని నేను చెప్పడం లేదు. తేడా పరిమాణం తెలియాలంటే అది కావాలి. కానీ దానికి రెండు బలహీనతలున్నాయి. 100 అడిగితే 50 అంచనా వేసినవాడి తప్పు 50 శాతం. 50 అడిగితే 100 వేసినవాడి తప్పు 100 శాతం. తేడా రెండుచోట్లా 50 ట్రేలే. మేప్ ఆధారంగా ఇంక్రిమెంటు ఇచ్చే ఆఫీసులో ప్లానర్లు తెలిసో తెలియకో తక్కువ వైపే అంచనా వేస్తారు. మజ్జిగ కొరతకు అదీ ఒక కారణం కావచ్చు. రెండోది చిన్న అంకెల గొడవ. వారానికి ఒక్క ట్రే పోయే సరుకుకు మూడు వేస్తే 200 శాతం తప్పు, ఏమీ పోని వారం భాగహారమే కుదరదు. అందుకే తేడాలన్నీ కలిపి మొత్తం గిరాకీతో ఒక్కసారి భాగించే పద్ధతిని పెద్ద డిపోలు వాడతాయి. మజ్జిగకు అలా చేస్తే 7.2 శాతం. 2020లో జరిగిన ఎం5 అంచనాల పోటీలో వాల్‌మార్ట్ రోజువారీ అమ్మకాలు ఇచ్చారు. అమ్మకం సున్నాగా ఉన్న రోజులు వాటిలో చాలా ఉండడంతో గెలుపోటములకు మేప్‌ను కాకుండా వేరే కొలతను పెట్టారు.

ఈ మూడు కొలతలూ నిలబడేది ‘అసలు గిరాకీ’ అని మనం రాసుకునే అంకె మీద. అక్కడ డెలివరీ అయిన ట్రేలు రాస్తే లెక్కంతా అబద్ధం అవుతుంది. 540 తయారుచేసి 540 పంపి, ‘అసలు 540’ అని రాస్తే తేడా సున్నా వస్తుంది. దొరక్క వెనక్కి వెళ్లిన 60 ట్రేలు ఎక్కడా ఉండవు. ఇండెంటే రాయాలి. అయితే కొరత కొనసాగిన డిపోలో ఇండెంటును కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. సగమే ఇస్తారని అలవాటైన డీలరు 20 కావాల్సిన చోట 30 రాస్తాడు. కొరత తీరిన మొదటి రెండు మూడు వారాల్లో ఇండెంట్లు ఒక్కసారిగా తగ్గితే, వాటితో పాటు బూత్‌ల నుంచి తిరిగి వచ్చిన గడువు దాటిన ప్యాకెట్లు పెరిగితే, ముందు రాసిన 600లో కొంత ఆ భయం కలిపిన అంకె అని ప్లానర్‌కు అప్పుడు తెలుస్తుంది. ఆ వారాల తేడాలను సిగ్నల్‌లో కలపకుండా, తిరిగి వచ్చినవి తీసేసిన అంకెతో కొత్త లెక్క మొదలుపెట్టాలి.