లెక్క వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు

ఇంగ్లీషు మీడియం పిల్లలకిచ్చే లెక్క ఒకటి చూడండి. ‘రవి హ్యాజ్ 12 మార్బుల్స్. హీ హ్యాజ్ 5 మోర్ దాన్ సీత. హౌ మెనీ డజ్ సీత హ్యావ్?’ ‘మోర్’ కనబడగానే చాలామంది కూడేసి 17 అంటారు. మోర్ అంటే కూడిక, లెస్ అంటే తీసివేత అని బట్టీ పట్టించిన ఫలితమిది. తప్పు పిల్లలది కాదు.

పెన్సిల్ పక్కన పెట్టించి, అంకెలు లేకుండా కథను తెలుగులో చెప్పమనండి. ‘సీత కంటే రవి దగ్గర గోళీలు ఎక్కువ.’ మరి తక్కువ ఎవరి దగ్గర? సీత దగ్గరే కదా! ఇప్పుడు రెండు గీతలు గీయించండి. రవిది పొడుగు, సీతది పొట్టి, తేడా 5. పన్నెండులోంచి 5 తీస్తే 7. ఆ 7కి 5 కలిపి, రవి గోళీలు 12 వచ్చాయో లేదో వాళ్లనే చూసుకోనివ్వండి.

పెద్ద తరగతుల్లో ‘5 లెస్ దాన్ ఎక్స్’ను చదివిన వరుసలోనే 5 − x అని రాసేస్తారు. ‘ఎక్స్ కంటే 5 తక్కువ’ అనుకుంటే x − 5 దానంతటదే వస్తుంది.

అయితే పరీక్షలో ప్రశ్న ఇంగ్లీషులోనే ఉంటుంది. అందుకే తెలుగులో చెప్పించాక, అదే వాక్యాన్ని ఇంగ్లీషులో మరోసారి చదివించండి. రెండు భాషల్లో అచ్చయిన పాఠ్యపుస్తకం ఇంట్లో ఉంటే, ముందు ఇంగ్లీషు పేజీ చదివించి, చిక్కుపడినప్పుడే తెలుగు పేజీ చూడనివ్వండి.