క్యాష్ నిండితే ఎవరిని పంపాలి?

ఒకసారి డేటాబేస్ నుంచి తెచ్చిన జవాబును మళ్లీ అడుగుతారేమోనని సర్వర్ మెమరీలో దాచి ఉంచే చోటు క్యాష్. ఆ చోటు కొంచెమే. నిండాక కొత్తది రావాలంటే పాతది ఒకటి పోవాలి. ఎంతోసేపుగా ఎవరూ అడగనిదాన్ని పంపేయడమే ఎల్‌ఆర్‌యూ పద్ధతి. లక్ష జవాబులున్నా ఆ ఒక్కదాన్ని వెతుక్కోకుండా పట్టుకోవడంలోనే అసలు పనితనం ఉంది.

హ్యాష్ టేబుల్‌కి కీ ఇస్తే విలువ ఎక్కడుందో వెంటనే చెబుతుంది. కానీ ఏది ముందు వాడారో, ఏది తర్వాత వాడారో దానికి తెలియదు. లింక్డ్ లిస్ట్‌కి ఆ వరస తెలుసు, వెతకడం మాత్రం చేతకాదు. అందుకే విలువల్ని లిస్ట్ నోడ్‌లలో ఉంచి, టేబుల్‌లో ఆ నోడ్‌ల చిరునామాలు రాస్తారు.

మూడింటికే చోటుందనుకుందాం. క, చ, ట వరసగా వచ్చాయి. కొత్తది ముందుంటుంది కాబట్టి లిస్ట్ ట, చ, క. ఇప్పుడు ఎవరో క అడిగారు. టేబుల్ నేరుగా ఆ నోడ్‌ని చూపిస్తుంది, దాన్ని విప్పి ముందు పెడితే క, ట, చ అవుతుంది. తర్వాత త వచ్చింది. చోటు లేదు కనుక చివరనున్న చ పోతుంది. మధ్యలో ఆ ఒక్కసారి అడగకపోయుంటే పోయేది క.

నోడ్‌ని విప్పాలంటే దాని ముందున్నది ఏదో తెలియాలి. ఒకవైపు లింకులే ఉంటే దానికోసం లిస్ట్ మొదటినుంచీ నడవాలి. రెండువైపులా ఉంటే పని రెండు లైన్లు:

```
n.prev.next = n.next
n.next.prev = n.prev
```

లిస్ట్ రెండు చివర్లా ఒక్కో ఖాళీ నోడ్‌ని శాశ్వతంగా ఉంచితే, పక్కన ఎవరూ లేని సందర్భమే రాదు. ఈ లైన్లు ఎప్పుడూ తడబడవు.

చాలామంది మరిచిపోయేది, నోడ్‌లో విలువతోపాటు కీ కూడా ఉండాలన్న సంగతి. చ పోయేటప్పుడు దాన్ని లిస్ట్ చివర పట్టుకుంటాం. కీ తెలియకపోతే టేబుల్‌లో దాని చిరునామా చెరపలేం. లిస్ట్‌లో మూడే ఉన్నా టేబుల్ పెరుగుతూనే ఉంటుంది, పోయిన చ అడిగినా దొరుకుతుంది. రెండింటి లెక్క సరిచూస్తే తప్పు బయటపడుతుంది.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. చదివినా లింకులు మారతాయి కాబట్టి, చాలా థ్రెడ్‌లు ఒకేసారి వాడితే చదవడానికీ తాళం వేయాలి. ఇంకొకటి, ఒక పెద్ద రిపోర్ట్ ఒక్కసారి డేటా అంతా చదివితే, రోజూ వాడేవన్నీ కొట్టుకుపోతాయి. అందుకే మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ కొత్త పేజీని వరస ముందు కాకుండా, చివరి నుంచి దాదాపు 3/8 వంతు దగ్గర చేరుస్తుంది.

పనిలో పైథాన్ `OrderedDict`, జావా `LinkedHashMap` సిద్ధంగా ఉన్నాయి, వాటినే వాడండి. చేత్తో రాసి చూసినప్పుడు మాత్రం, క్యాష్ పరిమాణం ఒకటి పెట్టి కూడా పరీక్షించండి. లింకుల పొరపాట్లు చాలావరకు అక్కడే దొరుకుతాయి.