నికాహ్ ఉదయాన ఒక నేస్తం పంపిన సందేశం

ఫజర్ నమాజు ముగిసింది. ఇంటి ముందు షామియానా కింద కుర్చీలు దించుతున్నారు. లోపల గదిలో మెహందీ పండిన చేతులతో కూర్చున్న పెళ్ళికూతురి ఫోనుకు అప్పుడు ఒక సందేశం వచ్చింది. పంపిన అమ్మాయి ఆమెకు చిన్ననాటి నేస్తం. ఇద్దరూ మా మదర్సాలో ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నవారే. అటువంటి ఉదయాన శుభాకాంక్షలు, దుఆలు, కొంచెం పరిహాసం రావడం సహజం. ఈ సందేశంలో అవి చివర ఉన్నాయి. మొదట ఉన్నది మహర్ గురించిన ఒకే ఒక్క పదం. ఇద్దరి అనుమతితో, పేర్లు లేకుండా, ఆ సందేశాన్ని ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాము.

"అస్సలాము అలైకుమ్. కాస్తయినా నిద్రపోయావా? రాత్రి నువ్వు పంపిన సియాహ్‌నామా ఫోటో మూడుసార్లు చూశాను. మహర్ గడిలో 'ముఅజ్జల్' అని ఉంది చూడు, అది 'ఐన్'తో రాసిన ముఅజ్జల్ కాదు, 'హమ్జా'తో రాసినది. మంగ్నీ రోజున మన పెద్దలు అనుకున్నది 40 గ్రాముల బంగారం, సగం నికాహ్ సమయంలోనే, సగం ఐదేళ్ళలో. కాగితంలో బంగారం మాటే లేదు, రూపాయలు ఉన్నాయి, అవీ మొత్తం బాకీగా ఉన్నాయి. ఎవరూ కావాలని చేసి ఉండరు. కానీ సంతకం పెట్టాక ఆ కాగితమే మాట్లాడుతుంది. ఇప్పుడే అబ్బాతో చెప్పు. సిగ్గుపడకు. అబ్బా పోయిన రోజు మా అమ్మీ చేత ఏమనిపించారో నువ్వు నా పక్కనే ఉండి విన్నావు."

ఈ నాలుగు మాటల వెనుక ఉన్నదేమిటో వివరించవలసిన బాధ్యత మా మీద ఉంది.

అరబీలో ఒకేలా వినిపించే రెండు పదాలున్నాయి. 'ఐన్' అక్షరంతో రాసే ముఅజ్జల్‌కు మూలం త్వరపడటం. అంటే వెంటనే చెల్లించవలసిన మహర్. భార్య ఎప్పుడు అడిగితే అప్పుడు భర్త దాన్ని ఇవ్వాలి. అది చేతికి అందేవరకు కాపురానికి వెళ్ళకుండా ఉండే హక్కు కూడా హనఫీ ఫిఖ్హ్ ఆమెకు ఇచ్చింది. 'హమ్జా'తో రాసే ముఅజ్జల్‌కు మూలం గడువు. అంటే వాయిదా వేసిన మహర్. ఆ గడువు ఏదో రాయకపోతే, మన ప్రాంతాల ఆచారం ప్రకారం అది విడాకుల నాడో, ఇద్దరిలో ఒకరు కన్నుమూసిన నాడో మాత్రమే చెల్లింపుకు వస్తుంది. పలికేటప్పుడు ఈ రెండింటి మధ్య తేడా దాదాపు వినిపించదు. తెలుగులో రాస్తే కంటికి కూడా కనిపించదు. నికాహ్ సభలో ఖాజీ గారు 'ముఅజ్జల్' అనగానే తలలూపే వందమందిలో ఏది విన్నారో చెప్పగలిగినవారు ఎందరుంటారు?

ఇక్కడ మా తప్పును కూడా ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా మేము నికాహ్ ఖుత్బాలు చదువుతున్నాము. ఆ పదాన్ని స్పష్టంగా పలికి ముందుకు సాగిపోయామే తప్ప, దాని అర్థమేమిటో పెళ్ళికూతురి తండ్రికి ఒక్కసారీ వివరించలేదు. తరగతి గదిలో నేర్పిన పాఠాన్ని పెళ్ళి పందిరిలోకి తీసుకువెళ్ళింది మేము కాదు, మా దగ్గర చదివిన పిల్ల.

ఆ పిల్లకు ఈ జాగ్రత్త పుస్తకం వల్ల మాత్రమే రాలేదు. ఆమె తల్లి నికాహ్ 1995లో జరిగింది. మహర్ 11,000 రూపాయలు, గడువు లేని వాయిదా. ఆనాడు 10 గ్రాముల బంగారం ధర సుమారు 4,700 రూపాయలు. అంటే ఆ మొత్తంతో ఇరవై గ్రాములకు పైగా బంగారం వచ్చేది. 2020లో భర్త మరణించారు. అప్పటికి 10 గ్రాముల ధర 48,000 దాటింది. అదే 11,000 రూపాయలకు రెండు గ్రాములకు కొంచెం పైన వస్తుంది. మహర్‌ను ఏ నాణెంలో నిర్ణయిస్తే ఆ నాణెంలోనే చెల్లిస్తారు గనుక, పాతికేళ్ళలో కరిగిపోయిన విలువ అంతా ఆమె నష్టమే.

అయితే ఆ కొద్దిపాటి సొమ్ము కూడా ఆమెకు దక్కలేదు. జనాజా లేవనెత్తే ముందు బంధువుల్లో ఒక పెద్దావిడ ఆమెను మయ్యిత్ దగ్గరికి తీసుకువెళ్ళి, "మహర్ మాఫ్ చేశానని చెప్పు, ఆయన భారం దిగిపోతుంది" అన్నది. ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆ తర్వాత ఆస్తి పంపకంలో మహర్ ఊసే రాలేదు.

షరీఅత్ ప్రకారం చెల్లించని మహర్ భర్త మీద ఉన్న అప్పు. కఫన్ ఖర్చుల తర్వాత, వారసులు ఒక్క రూపాయి పంచుకోకముందే, మిగతా అప్పులతో పాటు దాన్ని ఆస్తిలో నుంచి తీర్చాలి. భార్యకు వచ్చే వారసత్వ భాగం దానికి వేరు. సూరా నిసా 4వ ఆయతు మహర్‌ను సంతోషంగా ఇవ్వమని పురుషులను ఆదేశిస్తూ, స్త్రీ తన మనఃపూర్వకమైన ఇష్టంతో వదిలిన దాన్ని మాత్రమే వారికి అనుమతించింది. శవం పక్కన, పదిమంది కళ్ళ ముందు, నిరాకరిస్తే భర్త ఆఖిరత్ పాడవుతుందన్న భయంతో పలికిన మాటలో మనఃపూర్వకమైన ఇష్టం ఎక్కడున్నది? భర్త భారం దించాలనుకునే వారసులు ఆ అప్పును తీర్చాలి. దాన్ని విధవరాలి నోటితో తుడిపించకూడదు.

సందేశంలో రెండో భాగం నగల గురించి.

"నిన్న వాళ్ళు తెచ్చిన గొలుసు 20 గ్రాములు అని అమ్మీ చెప్పింది. అది చఢావానా, మహరా? ఎవరూ చెప్పలేదు. మహర్ అయితే, 'ఈ గొలుసు, ఇంత బరువు, 22 క్యారెట్, మహర్ కింద అందింది' అని రాయించు. రాయకపోతే రేపు అది ఎవరిదో ఎవరికీ తెలియదు."

కలహం వచ్చి మా దగ్గరికి పంచాయితీకి వచ్చే కుటుంబాల్లో తరచుగా చిక్కుపడేది ఈ ముడే. వరుడి ఇంటివారు పెట్టిన నగలు కానుక అని అమ్మాయి తరఫువారు అంటారు, ధరించడానికి ఇచ్చామే గాని సొంతం చేయలేదని అబ్బాయి తరఫువారు అంటారు, ఆ నగలతోనే మహర్ తీరిపోయిందని మరొకరు అంటారు. మూడు మాటలకూ సాక్ష్యం ఉండదు. పెళ్ళినాడు ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ ముడి పడేదే కాదు. మహర్‌ను బంగారం రూపంలో, బరువుతో, శుద్ధతతో రాస్తే పైన చెప్పిన విలువ నష్టం కూడా ఉండదు.

మూడో భాగం నికాహ్ ఘడియ గురించి.

"వకీల్ సాబ్, ఇద్దరు గవాహ్‌లు గదిలోకి వస్తారు. చుట్టూ మామీలు, ఖాలాలు గుమికూడతారు. నువ్వు తల దించుకుంటావు, ఎవరో 'హా అనేసింది' అంటారు. అలా కానివ్వకు. అబ్బాయి పేరు, తండ్రి పేరు, మహర్ పూర్తిగా విను. వినబడకపోతే మళ్ళీ చెప్పమను. తర్వాత నీ నోటితో చెప్పు."

కన్య మౌనం అంగీకారమని హదీసులో ఉన్నది నిజమే. దాన్ని పట్టుకుని అడగకుండానే ముగించేవారు ఆ హదీసు మొదటి సగాన్ని మరచిపోతున్నారు. ఆమెను అనుమతి అడగాలన్నదే అందులోని ఆజ్ఞ. ఆమె సిగ్గు వల్ల మాట్లాడలేకపోతే మౌనం చాలునన్నది ఆమెకిచ్చిన సౌకర్యం. వరుడెవరో ఆమెకు స్పష్టంగా తెలియజేయాలని, అడిగేవారు దగ్గరి వలీ గాని ఆయన పంపిన ప్రతినిధి గాని కావాలని హనఫీ ఫుఖహా షరతులు పెట్టారు. సంబంధం లేని వ్యక్తి అడిగితే మౌనం చాలదు, ఆమె పలకాలి. ఇంతకుముందు వివాహమైన స్త్రీ అయితే ఎవరు అడిగినా నోటితోనే చెప్పాలి. అటువంటి స్త్రీయే హజ్రత్ ఖన్సా బిన్తె ఖిజామ్ (రజి). తండ్రి తనకు ఇష్టం లేని నికాహ్ చేశాడని ఆమె ఫిర్యాదు చేయగా, దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు.

ఇక ఆ ఉదయం ఏం జరిగిందో చెప్పాలి. పెళ్ళికూతురు ఆ ఫోనును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నదట. ఈ ఘడియలో మహర్ మాట ఎత్తితే అమ్మాయి అప్పుడే లెక్కలు మొదలుపెట్టిందని అత్తవారు అనుకుంటారేమోనన్నది ఆమె భయం. చివరకు తండ్రిని పిలిచి ఫోటో చూపింది. ఆయనా కొంత తటపటాయించి, వరుడి చాచాకు ఫోన్ చేశారు. ఫారం నింపించింది ఆయనే. "మేము అనుకున్నది బంగారమే కదా, రాసేవాడు అడిగితే పాత సియాహ్‌నామాలో ఉన్నట్టు రాయమన్నాను" అని ఆయన నొచ్చుకున్నారు. వరుడైతే గొలుసును మహర్ అనే ఉద్దేశంతోనే కొన్నానని చెప్పాడు. ఆయనకూ ఆ రెండు పదాల తేడా తెలియదు.

జుహర్ తర్వాత నికాహ్. అంతకు ముందే ఖాజీ గారు ఆ ఫారాన్ని పక్కనపెట్టి కొత్తది తీశారు. అందులో రెండు వాక్యాలు రాశారు. 22 క్యారెట్ల 20 గ్రాముల బంగారు గొలుసు మహర్‌లో భాగంగా నికాహ్ సమయంలో చెల్లించబడింది. మిగిలిన 20 గ్రాముల 22 క్యారెట్ల బంగారం నేటి నుండి ఐదు సంవత్సరాలలోపు చెల్లించబడుతుంది. అరబీ పదం పక్కనే ఈ వాక్యాలు తెలుగులోనూ ఉన్నాయి. ఇప్పుడు ఐన్ అయినా హమ్జా అయినా తగవు లేదు. మొత్తం పనికి పట్టినది అరగంట. వడ్డన కూడా ఆలస్యం కాలేదు.

సందేశం చివరి భాగం ఇది.

"ఈ రాత్రి ఆయన మంచిగా మాట్లాడితే సంతోషంతో 'మహర్ మాఫ్' అనేయకు. ఇవ్వాలనిపిస్తే బంగారం నీ చేతికి వచ్చాక, ఏడాది గడిచాక, నీ ఇష్టంతో ఇవ్వు. అప్పుడు అది కానుక అవుతుంది. నీ నికాహ్‌లో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. మీ ఇద్దరినీ మేలులో కలిపి ఉంచుగాక. నేను పదకొండింటికి వస్తాను, నా కోసం కుర్చీ ఉంచు."

ఆమె పదకొండింటికి వచ్చింది. తల్లిని కూడా వెంట తీసుకువచ్చింది. కొత్త సియాహ్‌నామా మీద పెళ్ళికూతురు సంతకం పెడుతున్నప్పుడు ఆ తల్లి దగ్గరగా వచ్చి, మహర్ గడిలో రాసినదాన్ని కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకున్నదని మాతో చెప్పారు. ఆ రోజు నుండి మేము ఖుత్బా చదవడానికి ముందు ఫారం అడిగి తీసుకుంటున్నాము. మహర్ గడిలో ఉన్న వాక్యాన్ని ఇరువైపుల పెద్దలకు తెలుగులో చదివి వినిపించి, అనుకున్నది ఇదేనా అని అడిగిన తర్వాతే లేచి నిలబడుతున్నాము.