సాంచి స్తంభాల మీద చివరి రెండక్షరాలు

అశోకుడి శాసనాలు అన్ని శతాబ్దాలు ఎవరికీ అంతుబట్టకపోవడానికి రాయి అరిగిపోవడం కారణం కాదు. చాలాచోట్ల అక్షరాలు శుభ్రంగానే ఉన్నాయి, చదివేవాళ్లే లేకుండా పోయారు. 1356లో ఢిల్లీ సుల్తాను ఫిరోజ్ షా తుగ్లక్, తోప్రా అనే ఊళ్లో ఉన్న ఒక స్తంభం మీద మనసుపడ్డాడు. దాన్ని 42 చక్రాల బండి మీద యమునా తీరం దాకా లాగించి, పడవల మీద ఢిల్లీకి తెప్పించాడు. అంత బరువు కదిలింది గానీ దాని మీద ఏముందో చెప్పమంటే పిలిపించిన పండితుల్లో ఒక్కరివల్లా కాలేదు. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు అదే స్తంభాన్ని చూసిన ఇంగ్లీషు యాత్రికుడు థామస్ కొర్యాట్ అది గ్రీకు లిపి అనుకున్నాడు. అలెగ్జాండర్ పాతించిన విజయస్తంభమని కూడా తేల్చేశాడు.

ఈ లిపిని ఇప్పుడు బ్రాహ్మి అంటున్నాం. అది ఒక్కరోజులో మరుగున పడలేదు. తరతరానికీ అక్షరాల రూపు కొద్దికొద్దిగా మారుతూ చివరికి దేవనాగరి, బెంగాలీ, తెలుగు, తమిళం లాంటి లిపులయింది. అందుకని తెలిసిన లిపి నుంచి వెనక్కి నడవడం ఒక మార్గం. 1780లలో చార్లెస్ విల్కిన్స్ అలాగే నడిచి పాల రాజుల శాసనాలు చదివాడు, గుప్తుల కాలపు లిపి దాకా చేరాడు. అలహాబాదు స్తంభం మీద సముద్రగుప్తుడి ప్రశస్తిని 1834లో చదివేశారు. అదే రాయి మీద అంతకు ఆరు శతాబ్దాల ముందు చెక్కిన అశోకుడి శాసనం దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. మధ్యలో అక్షరాలు అంతగా మారిపోయాయి.

చదవలేనిచోట కథలు కూడా పుట్టాయి. ప్రాచీన లిపుల గ్రంథం ఒకటి దొరికిందని ఫ్రాన్సిస్ విల్ఫర్డ్ అనే అధికారిని నమ్మించి, ఎల్లోరా గుహల శాసనాల్లో పాండవుల అరణ్యవాసం చదివి వినిపించిన పండితుడు ఉన్నాడు. ఆ చదువు తప్పని తేల్చడానికి అప్పట్లో ఎవరి దగ్గరా సాధనం లేదు. ఒకచోట ‘క’ అని చదివిన గుర్తు, ఎన్ని శాసనాల్లో వచ్చినా ‘క’గానే ఉండి అర్థం ఇవ్వాలి. ఆ పరీక్ష పెట్టేటంత సామగ్రి ఒకచోట చేరడానికి ఇంకొన్ని దశాబ్దాలు పట్టింది.

చేరింది కలకత్తాలో, జేమ్స్ ప్రిన్సెప్ దగ్గర. ఆయన ఉద్యోగం టంకశాలలో లోహాల నాణ్యత పరీక్షించడం. ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి కూడా కావడంతో దేశం నలుమూలల నుంచీ శాసనాల నకళ్లు ఆయనకే వచ్చేవి. 1834లో ఆయన శబ్దాల జోలికి పోకుండా అలహాబాదు శాసనంలోని ఆకారాలను మాత్రం విడదీసి పట్టిక వేశాడు. మూల రూపాలు కొన్నే, వాటికి పైనా పక్కనా అడుగునా తగిలించిన చిన్న గీతలు కొన్ని. బ్రాహ్మిలో ‘క’ అచ్చం కూడిక గుర్తులా ఉంటుంది. అడుగున చిన్న గీత తగిలిస్తే ‘కు’, పైన ఎడమవైపు తగిలిస్తే ‘కే’. మనకు చిన్నప్పుడు పలక మీద దిద్దించినదే, గుణింతం. దీంతో ఇది గ్రీకు కాదని, మన దేశపు పద్ధతిలోని లిపేనని తేలింది. ఢిల్లీ, అలహాబాదు స్తంభాల మీదా బీహారులోని లౌరియా స్తంభం మీదా ఒకే 15 అక్షరాల వరుస పదేపదే వస్తోందనీ ఆయన గమనించాడు. అంటే వేర్వేరు చోట్ల ఉన్నది ఒకే పాఠం. ఇంత తెలిసినా ఏ గుర్తుకు ఏ శబ్దమో పట్టిక చెప్పలేదు. పైగా భాష సంస్కృతమే అయి ఉంటుందన్న నమ్మకం ఒకటి అడ్డుపడింది. సంస్కృతంలో అడుగడుగునా వచ్చే ఒత్తులు ఇక్కడ చాలా తక్కువ.

దారి చూపింది పెద్ద శాసనం కాదు, చిల్లర రాతలు. 1837లో కెప్టెన్ ఎడ్వర్డ్ స్మిత్ సాంచి స్తూపం నుంచి కొన్ని నకళ్లు పంపాడు. స్తూపం చుట్టూ ఉన్న రాతి కంచె స్తంభాల మీద చెక్కిన చిన్న చిన్న రాతలవి. అచ్చు కోసం వాటిని వరుసగా పేరుస్తూ ఉంటే ప్రిన్సెప్‌కు ఒక సంగతి కంటపడింది. దాదాపు అన్నీ ఒకే రెండు అక్షరాలతో ముగుస్తున్నాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని పొట్టి వాక్యాలు, ఒక్కో స్తంభానికి ఒకటి, ముగింపు మాత్రం ఒకటే. బర్మాలోని బౌద్ధాలయాల్లో ధ్వజాల మీద, విగ్రహాల మీద ఇచ్చినవాళ్ల పేరు రాసే ఆచారం ఆయనకు తెలుసు. మన గుళ్లలో ఫ్యాను రెక్క మీద దాత పేరు ఉన్నట్టే అన్నమాట. అలాగైతే చివరి మాట ‘దానం’ అయి ఉండాలి.

ఆ ఊహను అక్షరాల మీద పెట్టి చూడండి. మొదటి గుర్తుకు పైన దీర్ఘం గీత ఉంది, అది ‘దా’. రెండోది తలకిందులు చేసిన ఇంగ్లీషు ‘టి’లా ఉండి పక్కన ఒక చుక్క. ఆ ఆకారం ‘న’, చుక్క సున్నా. ‘దానం’కు ముందు తరచుగా వచ్చే గుర్తు ‘స’ కావాలి, ఎందుకంటే అక్కడ ‘ఫలానావారి’ అనే షష్ఠీ విభక్తి ఉండాలి. అదే రోజుల్లో ఆయన పరిశీలిస్తున్న సౌరాష్ట్ర నాణేల మీద కూడా రాజు పేరు చివర ఇదే పద్ధతి కనిపిస్తోంది. ‘ద’, ‘న’, ‘స’ దొరికాక మిగతావి ఒకదాని వెంట ఒకటి లొంగాయి. కొన్ని అక్షరాలను బొంబాయిలో స్టీవెన్సన్ ముందే సరిగ్గా పోల్చాడు. క్రిస్టియన్ లాసెన్ 1836లో గ్రీకు, బ్రాహ్మి రెండూ ఉన్న అగాథోక్లిస్ నాణెం మీద ఆ రాజు పేరు చదివాడు. అసలు పరీక్ష ఢిల్లీ స్తంభం. పదేపదే వచ్చే ఆ 15 అక్షరాలు ఇప్పుడు నోరు తిరిగాయి: ‘దేవానంపియే పియదసి లాజ హేవం ఆహా’. దేవతలకు ప్రియుడైన ప్రియదర్శి రాజు ఇలా అంటున్నాడు. భాష సంస్కృతం కాదు, ప్రాకృతం. ‘రాజ’ను ‘లాజ’ అనే తూర్పు దేశపు ప్రాకృతం. కమలాకాంత పండితుడి సాయంతో ప్రిన్సెప్ కొద్ది వారాల్లోనే అనువాదాలు అచ్చువేశాడు.

అక్షరాలు వచ్చాయి గానీ మనిషి దొరకలేదు. అశోకుడన్న పేరు ఎక్కడా లేదు. ప్రిన్సెప్ మొదట ఈ దేవానంపియ సింహళ రాజు తిస్సుడు అనుకున్నాడు. సింహళంలోనే ఉన్న జార్జ్ టర్నర్ దీపవంశం తిరగేసి, ప్రియదర్శి అంటే చంద్రగుప్తుడి మనుమడు, బిందుసారుడి కొడుకు అశోకుడని చూపించాడు. 1838లో గిర్నారు శాసనంలో అంతియోక అనే యవనరాజు పేరు బయటపడింది. గ్రీకు చరిత్రలో అతడి వంశానికి తేదీలున్నాయి, కాబట్టి కాలం కూడా కుదిరింది. ఆ ఏడాదే ప్రిన్సెప్ జబ్బుపడి ఇంగ్లండు వెళ్లిపోయాడు. 1840లో చనిపోయేనాటికి ఆయనకు 40 ఏళ్లు.

రాతిమీద అశోకుడి పేరు కనిపించడానికి 1915 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఉన్న రాయచూరు ప్రాంతపు మస్కిలో, బంగారు గనుల ఇంజనీరు బీడన్ గుర్తించిన చిన్న శాసనంలో ‘అసోకస’ అని స్పష్టంగా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్లు 1929లో వెలుగులోకి వచ్చాయి. ఆ చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అక్షరాలన్నీ తెలిసినవాళ్లు కూడా ఏ పంక్తి ఎటు పోతోందో చూసుకుని మరీ చదవాలి.

తెలిసిన అక్షరాలతోనే తగాదా పడ్డ చోటు కూడా ఒకటుంది. ఇదే చిన్న శాసనం ప్రతుల్లో పలుచోట్ల 256 అనే అంకె వస్తుంది. అది బుద్ధుడి నిర్యాణం తర్వాత గడిచిన ఏళ్లని బ్యూలర్ అన్నాడు. ససారాం ప్రతిలో ఆ అంకె పక్కనే రాత్రులు అనే మాట ఉంది కనుక, రాజు ప్రయాణంలో గడిపిన రాత్రులని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. అంకె ముందున్న ‘వ్యుఠ’ అనే మాటకు సరైన అర్థం ఏమిటన్నది ఇంకా చర్చలోనే ఉంది.