మోనో చెడకుండా స్టీరియో వెడల్పు

మిడ్-సైడ్ పద్ధతిలో ఎడమ, కుడి చానళ్ల మొత్తంలో సగం మిడ్, తేడాలో సగం సైడ్. మిడ్‌కు సైడ్ కలిపితే ఎడమ, మిడ్ నుంచి తీసేస్తే కుడి తిరిగి వస్తాయి. మోనోలో రెండు చానళ్లూ కలిసేసరికి సైడ్ రద్దవుతుంది. అందుకే సైడ్ స్థాయిని ఎంత పెంచినా మోనో మారదు.

చిక్కు స్టీరియోలోనే. ఎడమలో 1, కుడిలో 0గా ఉన్న గిటార్‌కు మిడ్, సైడ్ చెరో 0.5. సైడ్‌ను 6 డెసిబెల్స్ పెంచితే, అంటే దాదాపు రెట్టింపు చేస్తే, ఎడమ 1.5, కుడి మైనస్ 0.5 అవుతాయి. కుడి స్పీకర్‌లో గిటార్ తరంగం తలకిందులుగా మోగుతుంది. కోరిలేషన్ మీటర్ సున్నా కిందికి జారితే ఇదే జరుగుతోందన్నమాట. మోనోలో ఆ గిటార్ పాత స్థాయిలోనే ఉంటుంది కాబట్టి, స్టీరియోకు అలవాటుపడిన చెవికి అది వెనక్కి తగ్గినట్టు తోస్తుంది. సాధారణంగా 2, 3 డెసిబెల్స్ పెంపు చాలు.